ఏళ్ల తరబడి ఎండలో నిలిచిపోయిన కారు: టైర్ల పగుళ్లు చూసి ఏం తేల్చుకోవాలి, ఎలా తేల్చుకోవాలి

మా మామయ్యగారి కారు నరసరావుపేటలో ఇంటి ముందు ఖాళీ స్థలంలో నాలుగేళ్లు కదలకుండా ఉండిపోయింది. 2020లో లాక్‌డౌన్ అప్పుడు ఆపిన బండి. తర్వాత ఆయనకు చూపు తగ్గింది, నడిపేవాళ్లు లేరు, అలాగే వదిలేశారు. 2024 వేసవిలో మేం వెళ్లినప్పుడు అత్తయ్య తాళాలు నా చేతిలో పెట్టి, "బ్యాటరీ వేయిస్తే వచ్చేస్తుందంట, హైదరాబాద్ తీసుకుపో నాయనా" అన్నారు. మీటరు మీద ఇరవై ఒక్క వేల కిలోమీటర్లే ఉన్నాయి. టైరు బటన్, అంటే రోడ్డుకి ఆనే గాళ్ల భాగం, చూస్తే నిన్న షోరూమ్ నుంచి తెచ్చినట్టుంది. పక్కకి వంగి చూస్తే మాత్రం వేసవిలో నీళ్లింకిన చెరువు అడుగులా నెర్రెలు.

ఇలాంటి బండి మీ ఇంట్లోనో, ఊళ్లో నాన్నగారి ఇంట్లోనో ఉంటే, స్టార్ట్ చేసి చూసే ముందు ఈ పని చేయండి. ఒక ఉదయం పడుతుంది. కావలసినవి నాలుగే: బకెట్టు నీళ్లు, బట్టల సబ్బు, మంచి టార్చి, గాలి ఎంతుందో చూసే చిన్న గేజి. సెల్‌ఫోన్ టార్చి అయినా పనికొస్తుంది కానీ చక్రం వెనక్కి పట్టుకోవడానికి చెయ్యి తిరగదు.

పగుళ్లు ఎందుకొస్తాయో ముందు తెలియాలి

అందరూ ఎండ అనే అంటారు. ఎండ కొంత నిజం. టైరుకి నలుపు రంగు ఇచ్చే కార్బన్ బొగ్గుపొడి ఎండలోని అతినీలలోహిత కిరణాలను చాలావరకు అడ్డుకుంటుంది. అసలు కోత పెట్టేది గాలిలో అతి కొద్దిగా ఉండే ఓజోన్. వాహనాల పొగ మీద ఎండ పడితే నేల దగ్గరే ఓజోన్ తయారవుతుంది కాబట్టి ఎండ ఇందులోనూ పరోక్షంగా భాగస్వామే. పైగా వేడి రబ్బరును నెమ్మదిగా గట్టిపరుస్తుంది. రెంటచింతల పక్కన ఉండే ఊళ్లలో నాలుగు వేసవులంటే వేడి సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

ఓజోన్‌కి ఒక గుణం ఉంది. సాగి ఉన్న రబ్బరునే అది కోస్తుంది. నమ్మకం లేకపోతే రెండు రబ్బరు బ్యాండ్లు తీసుకోండి. ఒకటి ఇటుకకి బిగువుగా చుట్టండి, ఇంకోటి వదులుగా పక్కన పెట్టండి, రెండూ మేడ మీద వదిలేయండి. కొన్నాళ్లకు చుట్టినదాని మీద సాగిన దిశకు అడ్డంగా చిన్న చిన్న కోతలు పడతాయి, తెగిపోనూ పోతుంది. వదులుగా ఉన్నది జిగటగానో గట్టిగానో మారుతుంది తప్ప అలా కోసుకుపోదు.

ఇప్పుడు నిలబడి ఉన్న కారు టైరు చూడండి. నేలకు ఆనిన చోట పక్క భాగం బయటికి ఉబ్బి ఉంటుంది. అక్కడ రబ్బరు సాగి ఉంది. గాలి తగ్గేకొద్దీ ఉబ్బు పెరుగుతుంది, సాగడమూ పెరుగుతుంది. బండి కదలదు కాబట్టి ఏళ్లపాటు సాగేది అదే చోటు.

టైరు తయారు చేసేటప్పుడు ఓజోన్‌ని తట్టుకోవడానికి కొన్ని రసాయనాలు, కొంత మైనం కలుపుతారు. అవి లోపలి నుంచి మెల్లగా పైకి ఊరుతూ పొరలా నిలుస్తాయి. పాత టైర్ల పక్కన కనిపించే గోధుమ రంగు చాలావరకు అదే, మట్టి కాదు. బండి తిరుగుతూ టైరు నలుగుతుంటే ఆ ఊట బాగా సాగుతుంది. నిలిపేసిన బండికి ఆ అదృష్టం లేదు. అందుకే రోజూ తిరిగే ఆరేళ్ల టైరు కన్నా, కదలని ఆరేళ్ల టైరు ఎక్కువ నెర్రెలిస్తుంది. "అసలు తిరగలేదు కదండీ, కొత్తదే" అనే మాట సరిగ్గా తిరగేసి చూడాల్సిన మాట.

మొదటి పని: పుట్టిన తేదీ చదవడం

గాలి పట్టకముందే ఇది చేయండి. టైరు పక్కన DOT అనే అక్షరాలతో మొదలయ్యే వరస ఉంటుంది. దాని చివర, తరచుగా కోడిగుడ్డు ఆకారపు గీతలో, నాలుగు అంకెలుంటాయి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. మా బండికి కనిపించింది ఇది:

```
3415
```

అంటే 2015వ సంవత్సరం 34వ వారం, ఆగస్టు నెల. కారు కొన్నది ఆ ఏడాది చివర్లో. మేం చూసేసరికి టైర్ల వయసు తొమ్మిదేళ్లకు దగ్గరైంది. నడిచింది ఇరవై ఒక్క వేల కిలోమీటర్లే అన్న సంగతి ఆ అంకెల ముందు పెద్దగా నిలబడలేదు.

ఆ నాలుగు అంకెలు కనిపించకపోతే కంగారు పడకండి. చాలా టైర్లకు తేదీ ఒకవైపే ఉంటుంది, అది లోపలివైపుకి వెళ్లి ఉంటుంది. ముందు చక్రాలైతే స్టీరింగు పూర్తిగా తిప్పి, టార్చి వేసి లోపలివైపు చదవచ్చు. వెనక చక్రాలకు బండి కింద తల పెట్టకండి, తర్వాత ఊడదీసినప్పుడు చూద్దాం. ఒక చక్రం చూసి నాలుగూ అంతేలే అనుకోవద్దు. మధ్యలో ఒకటి మార్చి ఉండొచ్చు. స్టెప్నీది కూడా చదవండి.

చాలా టైరు కంపెనీలు చెప్పే మాట ఇది: అయిదేళ్లు దాటాక ఏటా ఒకసారి తెలిసినవాళ్లకు చూపించాలి, తయారై పదేళ్లు నిండితే పైకి ఎలా కనిపించినా తీసేయాలి. కొన్ని కార్ల కంపెనీలు ఆరేళ్లకే మార్చమంటాయి. ఈ లెక్కలు మామూలుగా వాడిన బండికి. ఎండలో నిలిచిపోయిన బండికి నేను పదేళ్లదాకా చూడను. ఆరు దాటి, పగుళ్లు కూడా ఉంటే, మిగతా పరీక్ష మనసు నిమ్మళం కోసమే.

రెండో పని: కడిగి, నాలుగు చోట్ల చూడటం

చక్రాల పైన బాడీ లోపల ఉండే ఖాళీలను ముందు కర్రతో తట్టి చూడండి. మా వెనక చక్రం పైన కందిరీగలు గూడు పెట్టాయి, నేను చెయ్యి పెట్టబోతుంటే మా బావమరిది లాగాడు. టైరు కింద తేళ్లూ ఉంటాయి.

తర్వాత సబ్బు నీళ్లతో, మెత్తటి బ్రష్‌తో టైరు కడగండి. పెట్రోలు, కిరసనాయిలు, డీజిలు వద్దు, అవి రబ్బరులోని ఊటను పీల్చేస్తాయి. గోధుమ రంగు పోవాలని రుద్దకండి. ఆరిన తర్వాత, ఎండ ఏటవాలుగా పడే ఉదయం పూట గానీ టార్చిని టైరుకి ఆనించి పక్కవాటంగా వేసి గానీ చూడండి. ఎదురుగా వేసిన వెలుతురులో సగం పగుళ్లు కనిపించవు.

అన్ని పగుళ్లూ ఒకటి కాదు. ఎక్కడ ఉన్నాయి, ఎటు పాకాయి అన్నదే ముఖ్యం.

పక్క భాగమంతా జుట్టు వెంట్రుకల్లా సన్నగా, అడ్డదిడ్డంగా అల్లుకున్న గీతలుంటే అది పైపొర ముసలితనం. అన్నిటిలోకీ తక్కువ ప్రమాదం దానిదే.

చక్రం చుట్టూ వలయంలా, ఒకే వరసలో పాకిన పగులుంటే జాగ్రత్త. రిమ్ముకి వేలెడు పైన ఒకటి, బటన్ మొదలయ్యే భుజం దగ్గర ఒకటి ఇలా వస్తాయి. టైరు తిరిగినప్పుడల్లా మడత పడే చోట్లు ఇవి. విడివిడి గీతలు ఒకదానితో ఒకటి కలిసి అంగుళాల పొడవున సాగాయంటే రబ్బరు ఆ వరస వెంట విడిపోవడం మొదలైందన్నమాట.

బటన్‌ల మధ్య గాడి అడుగు చూడటం చాలామంది మర్చిపోతారు. నేను కూడా మొదటిసారి మర్చిపోయాను. ఆ గాడి కిందే స్టీలు తీగల పట్టీలుంటాయి. అక్కడ పగులు పడితే వర్షం నీరు తీగలకు చేరుతుంది, తుప్పు పడుతుంది, తుప్పు పట్టిన తీగకూ రబ్బరుకూ పట్టు ఉండదు. హైవే మీద వేగంలో బటన్ పొర మొత్తం చీలికలా లేచిపోవడం అప్పుడే జరుగుతుంది. ఒక అరగని బటన్ గాడిలో రెండు మూడు అంగుళాల మేర వరస పగులు కనిపించినా ఆ టైరుకి అంతే.

నాలుగోది పగులు కాదు, బుడిపె. పక్కన ఎక్కడైనా బొప్పిలా ఉబ్బి ఉంటే లోపలి దారాలు తెగాయని అర్థం. దీనికి ఇంకో పరీక్ష లేదు.

మా బండి ఉత్తరం వైపు ముఖం పెట్టి ఉంది. కుడివైపు ప్రహరీ గోడ, ఎడమవైపు పడమర, అడ్డు ఏమీ లేదు. నాలుగేళ్లపాటు మధ్యాహ్నం ఎండంతా ఎడమ చక్రాల మీద పడింది. కుడి ముందు టైరుకి వెంట్రుక గీతలే. ఎడమ ముందుదానికి భుజం చుట్టూ సగం దూరం వలయం. ఎడమ వెనకది గాలి పూర్తిగా దిగిపోయి రిమ్ము మీద కూర్చుంది. అలా కూర్చున్న టైరు వయసు ఎంతైనా సరే, నా దృష్టిలో పోయినట్టే. రిమ్ము అంచుకీ నేలకీ మధ్య పక్క భాగం ఏళ్లపాటు నలిగి ఉంటుంది, గాలి కొడితే గుండ్రంగా లేచినంత మాత్రాన లోపలి మడత మాయం కాదు.

మూడో పని: బొటనవేలు, గోరు

కళ్లకి అనుమానంగా కనిపించిన చోట రెండు బొటనవేళ్లు పగులుకి చెరోవైపు పెట్టి, గట్టిగా నొక్కి, విడదీయండి. నేలకు దగ్గరగా, ఉబ్బిన చోట ఈ పని చేస్తే పగులు తేలిగ్గా నోరు తెరుస్తుంది. లోపల ఏముందో టార్చితో చూడండి.

లోపల కూడా నల్లటి రబ్బరే నున్నగా కనిపించి, గోరు అడ్డంగా గీస్తే జారిపోతే, అది పైపై గీత. గోరు ఆగి పట్టుకుంటే లోతు మొదలైంది. మడత పెట్టని విజిటింగ్ కార్డు మూల ఆ పగులులోకి నిలువుగా దిగి నిలబడితే ఆ టైరు నేను ఉంచను. లోపల తెల్లగానో, లేత పసుపుగానో నూలు పోగుల్లాంటివి కనిపిస్తే ఇక మాట్లాడుకోవడానికేమీ లేదు. అవే టైరు బలమంతా మోసే దారాలు. కారు టైరు పక్క భాగంలో ఇలాంటి దారాల పొర ఒకటో రెండో, అంతే. పైన ఉన్న రబ్బరు వాటికి గొడుగు మాత్రమే.

మా ఎడమ వెనక టైరు దగ్గర, రిమ్ముకి కాస్త పైన, నేను వేళ్లు పెట్టి విడదీస్తే సన్నగా "కిర్ర్" మన్న చప్పుడు వచ్చింది. ఎండిన చెప్పు తోలు వంచితే వచ్చే చప్పుడే. పగులు అడుగున లేత రంగు పోగులు రెండు కనిపించాయి. అప్పటిదాకా "హైదరాబాద్ దాకా మెల్లగా పోతే ఏమవుతుందిలే" అన్న ఆలోచన నాకూ లేకపోలేదు.

ఇంకొకటి గోరుతో రబ్బరు మెత్తదనం చూడండి. బటన్ మీద గోరు గుచ్చితే కొత్త టైరు కొంచెం దిగి, మళ్లీ లేస్తుంది. ఎండిన టైరు మీద గోరే వంగుతుంది. ఇది కొలత కాదు, ఊహకు ఆధారం అంతే. కానీ అలా గట్టిపడిన టైరు పగలకపోయినా తడి రోడ్డు మీద జారుతుందని గుర్తుంచుకోండి. మా స్టెప్నీ డిక్కీలో చీకట్లో ఉంది, పగుళ్లు ఒక్కటీ లేవు, నున్నగా కొత్తగా ఉంది. గోరు పెడితే మాత్రం ప్లాస్టిక్ కుర్చీ మీద పెట్టినట్టుంది. ఎండ తగలకపోయినా డిక్కీ వేడి, తొమ్మిదేళ్ల కాలం తమ పని తాము చేశాయి.

పంచర్ షాపు అబ్బాయి మాట

ఇంటికి పిలిపించిన అబ్బాయి చక్రాలన్నీ చూసి, "బటన్ సూడండి సారూ, ఇంకో ముప్పై వేలు తిరుగుద్ది. పగుళ్లకేముంది, పాలిష్ కొడితే కనపడవు" అన్నాడు. అతను మోసగాడేమీ కాదు. పంచర్ షాపుకి వచ్చే బళ్లలో టైరు అరిగి పోతుంది, వయసు మీరి పోదు. అందుకే అతని చూపు బటన్ మీదే. మన దగ్గర రూల్ ప్రకారం కారు టైరు బటన్ లోతు 1.6 మిల్లీమీటర్ల కన్నా తగ్గకూడదు, ఆ లెక్కన మా టైర్లు రాజాలా పాసవుతాయి. పక్క పగుళ్లకు అలాంటి తేలికైన కొలత లేదు.

పాలిష్ విషయం మాత్రం నవ్వుకుని వదిలేయకండి. పాత కారు కొనేటప్పుడు టైర్లు మరీ నిగనిగలాడుతుంటే సబ్బుతో కడిగించి చూడాల్సిందే. పగుళ్లలో పూసే జిగురు, నల్ల రంగు, "రబ్బరు రిపేర్" అని అమ్మే డబ్బాలు ఏవీ పగులుని మూయవు, కప్పుతాయి. ఒకసారి ఉడికి గట్టిపడిన రబ్బరు మళ్లీ అతుక్కోదు. పక్క భాగానికి ప్యాచ్ వేయడం అసలే పనికిరాదు, నిమిషానికి వందల సార్లు మడిగి లేచే చోటు అది.

నాలుగో పని, అటూ ఇటూ కాని టైర్లకు మాత్రమే

వయసు ఆరేళ్లలోపు, వెంట్రుక గీతలే, గోరు జారుతోంది, రిమ్ము మీద కూర్చోలేదు. ఇలాంటి టైరుని గాలితో పరీక్షించండి. డ్రైవరు తలుపు తెరిస్తే పక్క స్తంభం మీద స్టిక్కరు ఉంటుంది, అందులో రాసినంతే పట్టండి. గాలి పట్టేటప్పుడు టైరు పక్కకి ఎదురుగా కూర్చోకండి, బటన్ వైపు, కాస్త దూరంగా నిలబడండి. పక్క భాగం తెగితే గాలి దెబ్బ అటువైపే వస్తుంది.

సాయంత్రం పట్టి, పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు గేజితో చూడండి. ఒక పౌండు తగ్గితే పట్టించుకోవక్కర్లేదు. నాలుగైదు పోతే సబ్బు నురగ రాసి బుడగలు ఎక్కడొస్తున్నాయో వెతకండి. నూటికి ఎక్కువసార్లు వాల్వు మొదట్లోనే వస్తాయి. వాల్వుది కూడా రబ్బరే, అదీ అంతే ఎండింది. వాల్వుని వేలితో పక్కకి వంచితే మొదట్లో పగుళ్లు తెరుచుకోవడం కనిపిస్తుంది. టైరు ఉంచుకున్నా వాల్వు మార్చేయండి, పెద్ద ఖర్చు కాదు.

గాలి నిలిస్తే ఊళ్లోనే, నలభై దాటకుండా, పదిహేను ఇరవై కిలోమీటర్లు తిప్పండి. మొదట్లో స్టీరింగు దడదడలాడుతుంది. ఒకే చోట నిలిచి టైరు అక్కడ బల్లపరుపు కావడం వల్ల అది. టైరు వేడెక్కాక తగ్గిపోతే సరే. తగ్గకపోతే ఆ చదును శాశ్వతం, బ్యాలెన్సింగ్ చేయించినా పోదు. దిగి నాలుగు చక్రాలూ మళ్లీ చూడండి. పొద్దున లేని బుడిపె ఉందా, వెంట్రుక గీత వెడల్పయిందా? ఈ రెండింటిలో ఏది కనిపించినా ఆ టైరుని పక్కన పెట్టేయాలి. ఏమీ లేకపోతే వాడుకోండి, కానీ నెలకోసారి ఇదే చూపు చూడండి. మే నెలలో నిండా మనుషులు, సామాను వేసుకుని ఆ టైర్ల మీద దూర ప్రయాణం పెట్టుకోవద్దు.

టైర్లు పోయాయని తేలాక, బండిని కదపకుండా మార్చడం

"షాపు రెండు కిలోమీటర్లే కదా, గాలి కొట్టి తీసుకెళ్దాం" అనిపిస్తుంది. పోగులు కనిపించిన టైరు మీద వద్దు. బండిని కాదు, చక్రాలను షాపుకి పంపండి.

మేం చేసింది ఇది. కట్టెల అడితి నుంచి మందపాటి దుంగలు నాలుగు తెచ్చాం. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు పెట్టకండి, అవి చెప్పకుండా పగులుతాయి. ఒక్కో మూల పని చేసేటప్పుడు ఎదురు మూల చక్రానికి రెండువైపులా రాళ్లు పెట్టాం. నట్లను జాకీ ఎక్కించక ముందే, చక్రం నేల మీద ఉండగానే, వదులు చేయాలి. తుప్పు పట్టి బిగుసుకుంటే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి అరగంట ఆగండి. కాలితో ఎక్కి తొక్కితే స్టడ్డు తెగుతుంది, అదో కొత్త ఖర్చు. నేల మెత్తగా ఉంటే జాకీ కింద చెక్క వేయండి. కారు అడుగున జాకీ పెట్టే గాట్లు ఉంటాయి, అక్కడే పెట్టాలి. దుంగ కూడా గట్టి చోటు కిందికే రావాలి. బండి జాకీ మీద ఒక్కదాని మీదే ఉన్నప్పుడు దాని కింద చెయ్యి కూడా పెట్టకండి.

చక్రాలు పైకి లేచాయి కదా, వెనక డ్రమ్ము చేత్తో తిప్పి చూడండి. హ్యాండ్‌బ్రేకు వేసి ఏళ్లపాటు వదిలేస్తే లైనర్లు డ్రమ్ముకి అతుక్కుంటాయి. మాది అతుక్కుంది, మెకానిక్ విప్పి శుభ్రం చేయాల్సి వచ్చింది. బ్రేకు ఆయిలు, పాత పెట్రోలు, బ్యాటరీ సంగతులు కూడా ఉంటాయి, అవి అతనితోనే తేల్చుకోండి.

అయిదు చక్రాలూ ట్రాలీ ఆటోలో వేసి షాపుకి పంపాం. అక్కడ ఎడమ వెనక టైరు రిమ్ము నుంచి ఊడదీసినప్పుడు లోపల చూశాను. నేలకు ఆనిన మేర లోపలి పొర మీద మడతలు, అరచేతి గీతల్లా, వాటి వెంట సన్నగా చీలికలు. బయట నుంచి ఇది ఎప్పటికీ కనిపించదు. మీరు కూడా ఊడదీయించినప్పుడు లోపలికి ఒకసారి తొంగి చూడండి, ఇంట్లో మనం చేసిన ఊహ ఎంత సరైందో తెలుస్తుంది.

కొత్త టైరు కొనేటప్పుడు కొలత మా బండికైతే 165/80 R14. ఆ తర్వాత 85T అని ఉంది. 85 అంటే ఒక్కో టైరు 515 కిలోలు మోయగలదని, T అంటే గంటకు 190 కిలోమీటర్ల వేగం దాకా అని. ఈ రెండూ పాతదానికి సమానంగా గానీ ఎక్కువగా గానీ ఉండాలి, తక్కువ ఉండకూడదు. బిల్లు కట్టక ముందే నాలుగు అంకెల తేదీ చదవండి. మాకు మొదట తెచ్చి ఇచ్చినవాటిలో రెండు అప్పటికే రెండేళ్లవి. అడిగితే మొహం చిన్నబుచ్చుకోకుండా లోపల నుంచి వేరేవి తెచ్చాడు. అడగకపోతే అవే ఎక్కేవి.

కుడి ముందు టైరుకి వెంట్రుక గీతలే కదా, దాన్నెందుకు మార్చాలని మామయ్య అడిగారు. న్యాయమైన ప్రశ్నే. దాని తేదీ కూడా 3415 కాకపోయి ఉంటే ఉంచేవాణ్ని. గట్టిపడిన పాత టైరు ఒకవైపు, మెత్తటి కొత్త టైరు ఒకవైపు ఉంటే వానలో బ్రేకు వేసినప్పుడు బండి ఒకవైపు లాగుతుంది. నాలుగూ మార్చాం. డబ్బు కుదరక రెండే కొనాల్సి వస్తే, ఆ రెండూ వెనక చక్రాలకు వేయించండి. ముందు చక్రం జారితే స్టీరింగులో తెలుస్తుంది, వెనకది జారితే బండే తిరిగిపోతుంది. అయిదోది, స్టెప్నీకి, కొనేటప్పుడు చెయ్యి కాస్త వెనకాడింది. ఒక్కోటి నాలుగు వేల పైచిలుకు. అర్ధరాత్రి సూర్యాపేట దగ్గర పంచరైతే ఎక్కించేది అదే కదా అనుకుని కొన్నాం.

సెకండ్ హ్యాండ్ టైర్లు చవగ్గా దొరుకుతాయి. వాటిలో చాలావరకు ఇలా ఎవరో తీసేసినవే. మా పాతవి అయిదూ అక్కడే వదిలేస్తూ, ఎడమ వెనకదాని పక్క భాగం కత్తితో కోయించి మరీ వచ్చాను. షాపతను విచిత్రంగా చూశాడు.

వాల్వులు కొత్తవి వేయించండి, బ్యాలెన్సింగ్ చేయించండి. నట్లు బిగించేటప్పుడు వరసగా కాకుండా ఒకటి వదిలి ఒకటి, ఎదురెదురుగా బిగించాలి. ఓ వంద కిలోమీటర్లు తిరిగాక స్పానర్‌తో మరోసారి పట్టి చూడండి.

మళ్లీ నిలపాల్సి వస్తే

నెలలో ఒకసారి పది పదిహేను కిలోమీటర్లు తిప్పగలిగితే అదే అన్నిటికన్నా మేలు. అది కుదరకపోతే ఎవరితోనైనా పదిహేను రోజులకోసారి ఒక అడుగు ముందుకో వెనక్కో నెట్టించండి, సాగే చోటు మారుతుంది. టైరు నెలకి ఒకటి రెండు పౌండ్ల గాలి తనంతట తానే వదులుతుంది కాబట్టి నెలనెలా గాలి చూడాలి. ఆర్నెల్లకు మించి కదలదనుకుంటే దుంగల మీద ఎత్తి, చక్రాల మీద బరువు లేకుండా ఉంచండి. పడమటి ఎండ పడే చక్రాలకు తెల్ల గోనెపట్టానో ప్లైవుడ్ ముక్కో అడ్డం పెట్టండి. కారు మీద కవరు వేసేవాళ్లు చాలామంది దాన్ని చక్రాల సగం దాకానే లాగుతారు, కాపాడాల్సిన సగం బయటే ఉంటుంది. పక్కనే వెల్డింగ్ షాపు ఉంటే బండిని వేరే చోట పెట్టుకోండి, ఆ మెరుపులు కూడా ఓజోన్ పుట్టిస్తాయి.

మామయ్య ఇప్పుడు రోజూ సాయంత్రం కర్రతో ఎడమ వెనక చక్రాన్ని ఒకసారి తట్టి చూస్తున్నారట. అత్తయ్య ఫోన్‌లో చెప్పారు, బండి హైదరాబాద్ రాలేదు, మా బావమరిది వాడుకుంటున్నాడు.